40 హెర్ట్జ్‌కు తగ్గిస్తే కరెంటు సగం అన్నారు. ట్యాంకు నిండటానికి తొమ్మిది గంటలు పడుతోంది

తాడిపత్రి_బండలు
తాడిపత్రి దగ్గర ఒక బండల పాలిష్ యూనిట్‌లో మెయింటెనెన్స్ నేనే చూసుకుంటా. దిగువన బావి ఉంది, మిట్ట మీద సిమెంటు ట్యాంకు ఉంది. మధ్యలో రెండున్నర ఇంచుల పైపు, దాదాపు 170 మీటర్లు. పంపు 5 హెచ్‌పీ మోనోబ్లాక్. రోజుకు 86 వేల లీటర్లు కావాలి. ఇంతకుముందు నాలుగు గంటల్లో ఎక్కేవి.

మొన్న ఒకాయన వచ్చి, కరెంటు 50 హెర్ట్జ్‌ను తగ్గించి మోటారు స్పీడ్ తగ్గించే డ్రైవ్ పెట్టించాడు. కాగితం మీద లెక్క రాసి చూపించాడు. స్పీడ్ 0.8కి తగ్గిస్తే నీళ్లు 0.8, కరెంటు 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.51. అంటే నాలుగు గంటల బదులు ఐదు గంటలు నడుస్తుంది, యూనిట్లు మాత్రం మూడో వంతు తగ్గుతాయి అన్నాడు. ఓనర్‌కు లెక్క నచ్చింది, డబ్బు కట్టేశాడు.

ఇప్పుడు 40 హెర్ట్జ్‌లో పెడితే ట్యాంకు నిండటానికి తొమ్మిది గంటలు పడుతోంది. సబ్ మీటరులో ముందు రోజుకు 14 యూనిట్లు పడేవి, ఇప్పుడు 16 పడుతున్నాయి. పెట్టినాయన ఫోన్ ఎత్తట్లేదు. డ్రైవ్ పాడైందా, పంపు పాడైందా, లేక ఆ సూత్రమే తప్పా? ఓనర్ రోజూ నన్నే అడుగుతున్నాడు, టెన్షన్‌గా ఉంది.

కర్నూలు_డ్రైవ్స్
సూత్రం తప్పు కాదు బ్రదర్. స్పీడ్‌తో నీళ్లు నేరుగా, ఎత్తు వర్గంతో, పవర్ ఘనంతో మారతాయి. ఇది ఎక్కడైనా ఒకటే. నేను చాలా డ్రైవ్‌లు బిగించాను. 0.8 స్పీడ్‌లో 0.8 నీళ్లు రాలేదంటే పంపు అరిగిపోయి ఉంటుంది, లేదా ఫుట్‌వాల్వ్ దగ్గర గాలి పీలుస్తూ ఉంటుంది. ముందు టాకోమీటరుతో ఆర్‌పీఎం చూడు. డిస్‌ప్లేలో 40 ఉన్నంత మాత్రాన షాఫ్ట్ అంతే తిరుగుతోందని లేదు.

తాడిపత్రి_బండలు
ఆర్‌పీఎం చూశాం అన్నా. 50లో 2880, 40లో 2300 పైచిలుకు వచ్చింది. 50లో పెడితే నీళ్లు మునుపటిలాగే దండిగా వస్తున్నాయి, అదే నాలుగు గంటలు. పంపు అరిగి ఉంటే అప్పుడూ తగ్గాలి కదా?

చీనీతోట_నార్పల
మాదీ ఇలాంటిదే అనుకుంటా. చీనీ తోటకు సోలార్ పంపు పెట్టించాం. మధ్యాహ్నం బాగా పోస్తుంది. సాయంత్రం నాలుగున్నర దాటితే మోటారు తిరుగుతున్న శబ్దం వస్తుంది, పైపులో చుక్క రాదు. కంపెనీ వాళ్లను పిలిస్తే ప్యానెల్ మీద దుమ్ము అన్నారు. తుడిచాం. అదే వరస. ఎండ కొంచెం తగ్గితే నీళ్లు కూడా కొంచెమే తగ్గాలి కదా, ఒక్కసారిగా ఎందుకు ఆగిపోతాయి?

పులివెందుల_బోరు
నాదొక ప్రశ్న. బోరు నీళ్లు తగ్గాయి. డ్రైవ్ పెట్టి 55 హెర్ట్జ్‌లో తిప్పితే పది శాతం నీళ్లు ఎక్కువ వస్తాయా? పై సూత్రం ప్రకారం రావాలి కదా.

మల్యాల_మెకానికల్
తాడిపత్రి తమ్ముడూ, డ్రైవ్ బాగుంది, పంపు బాగుంది, సూత్రమూ బాగుంది. దాన్ని వాడిన చోటు తప్పు. లెక్క చెప్పాలంటే నాకు రెండు రీడింగులు కావాలి.

డెలివరీ పైపు మీద, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఎన్‌ఆర్‌వీ దాటాక, గేట్ వాల్వ్‌కు ఈవల ఒక ప్రెషర్ గేజ్ పెట్టించు. ట్యాంకులోకి నీళ్లు ఎక్కాక పంపు ఆపి, వాల్వ్ తెరిచే ఉంచి, పైపు నిండుగా నిలబడి ఉన్నప్పుడు గేజ్ ఎంత చూపిస్తుందో రాసుకో. తర్వాత 50 హెర్ట్జ్‌లో పంపు నడుస్తుండగా గేట్ వాల్వ్ పూర్తిగా మూసి, ముల్లు నిలబడగానే రీడింగ్ చూసి, వెంటనే తెరిచేయ్. ఎక్కువసేపు మూసి ఉంచితే లోపల నీళ్లు కాగిపోయి సీల్ పోతుంది. బావిలో నీళ్లు పంపు కంటే ఎంత కింద ఉన్నాయో కూడా తాడు వేసి కొలువు.

ఆయిల్ఇంజన్_రోజులు
ఈ డ్రైవ్‌లు లేనప్పుడే మేము ఈ పని చేశాం. ఆయిల్ ఇంజనుకు బెల్టు వేసి పంపు తిప్పేవాళ్లం. ఇంజను పుల్లీ ఒక సైజు పెద్దది వేస్తే నీళ్లు ఉరికేవి, డీజిల్ కూడా అలాగే తాగేది. పక్క పొలం వాళ్ల బావి లోతు ఎక్కువ. అదే ఇంజను, అదే పంపు తీసుకెళ్లి చిన్న పుల్లీతో పెడితే చుక్క ఎక్కలేదు. పుల్లీ మార్చాక ఎక్కింది. లెక్కలు మాకు తెలియవు కానీ, లోతును బట్టి ఒక స్పీడ్ దాటేదాకా నీళ్లు కదలవని ఊళ్లో అందరికీ తెలుసు.

మల్యాల_మెకానికల్
పైన పెద్దాయన చెప్పిందే అసలు సంగతి. నార్పల అన్నకు కూడా జవాబు అందులోనే ఉంది.

తాడిపత్రి_బండలు
గేజ్ పెట్టించాను. పంపు ఆపి ఉన్నప్పుడు 1.8 కేజీ. 50 హెర్ట్జ్‌లో వాల్వ్ మూస్తే 3.6 కేజీ. బావి నీళ్లు పంపు కంటే 4 మీటర్లు కింద ఉన్నాయి. వాల్వ్ తెరిచి నడుస్తుంటే 2.7 దగ్గర ఉంది.

మల్యాల_మెకానికల్
చక్కగా తీశావు. ఒక కేజీ అంటే దాదాపు పది మీటర్ల నీటి ఎత్తు. పంపు ఆపినప్పటి 18 మీటర్లకు బావిలోకి ఉన్న 4 కలిపితే 22. నీ నీళ్లు ఎక్కాల్సిన నిలువు ఎత్తు అదీ. పంపు తిరిగినా, ఆగినా, నిదానంగా తిరిగినా 22 మీటర్లు 22 మీటర్లే.

వాల్వ్ మూసినప్పుడు 36, దానికి 4 కలిపితే 40. నీ పంపు 50 హెర్ట్జ్‌లో అంతకంటే ఎత్తుకు నెట్టలేదు. మామూలుగా నడిచేటప్పుడు 27కి 4 కలిపితే 31 మీటర్లు. ఇందులో 22 ఎత్తుకు పోతే, మిగిలిన 9 మీటర్లు పైపు రాపిడికి పోతున్నాయి. 86 వేల లీటర్లు నాలుగు గంటల్లో అంటే సెకనుకు 6 లీటర్లు. అంటే నీ పంపు 50 హెర్ట్జ్‌లో 6 లీటర్లు, 31 మీటర్ల దగ్గర పని చేస్తోంది.

ఇప్పుడు ఆ అమ్మినాయన కాగితాన్ని అతని సూత్రంతోనే చూద్దాం. స్పీడ్ 0.8 అయితే ఎత్తు 0.64 అవుతుంది. 31ని 0.64తో గుణిస్తే 19.8 మీటర్లు. నీ ట్యాంకు 22లో ఉంది. అంటే 0.8 నీళ్లు, 0.51 పవర్ అని రాసిన ఆ పాయింట్‌లో నీళ్లు ట్యాంకు దాకా చేరనే చేరవు. మూడు లైన్లలో రెండే రాసి, మధ్యలో ఎత్తు లైను వదిలేశాడు. అది కూడా రాసి ఉంటే అక్కడే దొరికిపోయేది.

కర్నూలు_డ్రైవ్స్
సార్, అలా అయితే నీళ్లు అసలు రాకూడదు కదా. ఆయనకు తొమ్మిది గంటలకైనా వస్తున్నాయి.

మల్యాల_మెకానికల్
మంచి ప్రశ్న. ఆ 19.8 అనేది 0.8 నీళ్లు పోతున్నప్పటి ఎత్తు. నీళ్లు అంతకంటే తక్కువ పోతే అదే పంపు, అదే 40 హెర్ట్జ్‌లో ఇంకొంచెం ఎత్తు ఇస్తుంది. వాల్వ్ మూస్తే వచ్చే 40 మీటర్లు 0.64తో 25.6 అవుతాయి. 25.6 అనేది 22 కంటే ఎక్కువ కాబట్టి కొంచెం పోస్తుంది.

సూత్రం చెప్పేది పంపు గీత గురించి, అంటే ఎన్ని నీళ్లకు ఎంత ఎత్తు ఇస్తుందో చూపే గీత గురించి. 50 హెర్ట్జ్ గీత మీద ఉన్న ప్రతి పాయింటును కిందికి, ఎడమకు జరిపి 40 హెర్ట్జ్ గీత గీయమంటుంది. పంపు ఏ పాయింటులో నిలబడుతుందో మాత్రం సూత్రం చెప్పదు, పైపు చెబుతుంది. పైపు గీత నిలువు ఎత్తు దగ్గర మొదలై, నీళ్లు పెరిగేకొద్దీ పైకి లేస్తుంది. రెండు గీతలు కలిసిన చోటే పంపు పని చేస్తుంది.

తమ్ముడి రీడింగులతో గీతలు సుమారుగా ఇలా వస్తాయి. Q సెకనుకు లీటర్లలో, H మీటర్లలో, n అంటే 50 హెర్ట్జ్‌తో పోల్చిన స్పీడ్:

```
పంపు:  H = 40*n^2 - 0.25*Q^2
పైపు:  H = 22 + 0.25*Q^2

n = 1.0  (50)  ->  Q = 6.0
n = 0.9  (45)  ->  Q = 4.6
n = 0.8  (40)  ->  Q = 2.7
n = 0.74 (37)  ->  Q = 0
```

2.7 లీటర్లతో 86 వేలు నింపాలంటే తొమ్మిది గంటలు పడుతుంది. నువ్వు మొదటి పోస్టులో చెప్పిందీ అదే.

తాడిపత్రి_బండలు
తొమ్మిది గంటలు అచ్చంగా రావడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది సార్. అంటే 37లో పెడితే మోటారు తిరుగుతుంది, నీళ్లు ఎక్కవు?

మల్యాల_మెకానికల్
అంతే. నిలువు ఎత్తును వాల్వ్ మూసినప్పటి ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే ఆ హద్దు వస్తుంది. 22ను 40తో భాగిస్తే 0.55, దాని వర్గమూలం 0.74, అంటే 37 హెర్ట్జ్. ఒకసారి మెల్లగా తగ్గిస్తూ చూడు. ఎక్కువసేపు వద్దు, నీళ్లు ఆగగానే పెంచేయ్.

నార్పల అన్నా, మీ సోలార్ కంట్రోలర్ ఎండను బట్టి ఫ్రీక్వెన్సీ తగ్గిస్తుంది. మీ బోరు లోతుకు తగిన హద్దు ఒకటి ఉంటుంది. ఫ్రీక్వెన్సీ అది దాటి కిందికి పోయిన క్షణం నీళ్లు ఆగుతాయి, మోటారు తిరుగుతూనే ఉంటుంది. హద్దు దగ్గర కొంచెం స్పీడ్ తగ్గినా నీళ్లు చాలా తగ్గుతాయి. అందుకే మీకు ఒక్కసారిగా ఆగినట్టు కనిపిస్తుంది. దుమ్ము తుడిస్తే ఆగడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. కంట్రోలర్‌లో కనీస ఫ్రీక్వెన్సీ సెట్టింగ్ ఉంటే, నీళ్లు ఆగే చోటికి కొంచెం పైన పెట్టించండి. నీళ్లు కదలకుండా తిరిగితే సబ్‌మెర్సిబుల్ మోటారుకు చల్లదనం అందదు.

చీనీతోట_నార్పల
ఇన్నాళ్లకు ఒకరు అర్థమయ్యేట్టు చెప్పారు. కంట్రోలర్ స్క్రీన్‌లో ఫ్రీక్వెన్సీ కనిపిస్తుంది, ఈరోజు సాయంత్రం ఎంత దగ్గర ఆగుతుందో రాసుకుంటా. ఎండాకాలం బోరు నీళ్లు ఇంకా దిగితే ఆ హద్దు కూడా మారుతుందా?

మల్యాల_మెకానికల్
పైకి పోతుంది. తాడిపత్రి బావినే చూడండి. మే నెలలో నీళ్లు ఇంకో మూడు మీటర్లు దిగాయనుకుందాం. నిలువు ఎత్తు 25 అవుతుంది. అప్పుడు హద్దు 39.5 హెర్ట్జ్. 40లో సెకనుకు లీటరు చిల్లరే వస్తుంది. ఇంకో మీటరు దిగితే హద్దు 40 దాటుతుంది. అప్పుడు తమ్ముడు 40లో పెట్టి ఇంటికి పోతే తెల్లారేసరికి పంపు బాడీ చెయ్యి పెట్టలేనంత కాలుతూ ఉంటుంది, ట్యాంకు ఖాళీగా ఉంటుంది. ఇవాళ నడిచిన సెట్టింగ్ వేసవిలో నడవదు.

అనంత_డిప్లొమా
సార్, నేను పాలిటెక్నిక్ మెకానికల్. పరీక్షలో స్పీడ్ మార్చితే కొత్త ఫ్లో, హెడ్, పవర్ కనుక్కోమని ఇస్తారు. మేము నేరుగా గుణించేస్తాం, మార్కులు వేస్తారు. అయితే అది తప్పా?

మల్యాల_మెకానికల్
తప్పు కాదు. ఆ ప్రశ్నలో పాయింటుకు తగిన పాయింటు అడుగుతున్నారు. నిలువు ఎత్తు లేని చోట, ఉదాహరణకు చల్లటి నీళ్లు తిరిగి అదే చోటికి వచ్చే ఏసీ ప్లాంటు పైపుల్లో, రాపిడి ఒక్కటే ఉంటుంది. రాపిడి కూడా వర్గంతో తగ్గుతుంది కాబట్టి పంపు సరిగ్గా ఆ తగిన పాయింటుకే వచ్చి ఆగుతుంది. అక్కడ 0.8కి 0.8 నీళ్లే వస్తాయి, పవర్ సగం దగ్గరకు వస్తుంది. కర్నూలు తమ్ముడు బిగించినవి అలాంటివి ఎక్కువ అయ్యుంటాయి, అందుకే అతనికి లెక్క ఎప్పుడూ కుదిరింది.

కర్నూలు_డ్రైవ్స్
అవును సార్, నావి ఎక్కువ ఆసుపత్రులు, షాపింగ్ కాంప్లెక్సుల చిల్లర్ పంపులు, ఏహెచ్‌యూ ఫ్యాన్లు. కానీ ఒకటి ఒప్పుకోను. పవర్ ఘనంతో తగ్గుతుందనేది ఇక్కడ కూడా నిజమే కదా? తాడిపత్రిలో కిలోవాట్లు తగ్గే ఉంటాయి.

మల్యాల_మెకానికల్
తగ్గాయి, నువ్వు చెప్పింది నిజం. కానీ బిల్లు కిలోవాట్లకు రాదు, గంటలతో గుణించిన యూనిట్లకు వస్తుంది.

50లో పంపు షాఫ్ట్ దగ్గర దాదాపు 3 కిలోవాట్లు, నాలుగు గంటలు. మొత్తం 12. 40లో దాదాపు 1.4 కిలోవాట్లు, తొమ్మిది గంటలు. మొత్తం 12.5. పవర్ సగానికి తక్కువే అయింది, నీళ్లు కూడా సగానికి తక్కువే అయ్యాయి. లీటరుకు పడే ఖర్చు ఒక్క పైసా తగ్గలేదు.

పంపు ఎఫిషియెన్సీని నేను 50లో 60 శాతం, 40లో 45 శాతం అనుకుని లెక్క వేశాను. స్పీడ్ తగ్గితే ఎఫిషియెన్సీ మారదని పుస్తకంలో ఉంటుంది. అది తగిన పాయింటుకు మాత్రమే. ఇక్కడ పంపు తన గీత మీద బాగా ఎడమకు, వాల్వ్ సగం మూసినట్టుగా ఉండే చోటికి జరిగింది. అక్కడ నీళ్లు లోపలే సుడులు తిరుగుతాయి. దానికి తోడు తక్కువ లోడులో మోటారు కొంచెం వృథా చేస్తుంది, డ్రైవ్ తన వంతు తింటుంది. 14 యూనిట్లు 16 కావడానికి అవే కారణాలు.

తాడిపత్రి_బండలు
మీటరుతో సరిపోయింది. ఇప్పుడు ఓనర్‌కు ఏం చెప్పాలి? డ్రైవ్ పీకేయాలా?

మల్యాల_మెకానికల్
వెంటనే పీకొద్దు. 45లో ఒక వారం నడిపి చూడు. నా లెక్కలో ఐదుంపావు గంటలు పడుతుంది, షాఫ్ట్ దగ్గర 12 కాస్తా 11 చిల్లర అవుతుంది. డ్రైవ్ నష్టం పోగా మిగిలేది చాలా తక్కువ. మీటరులో కనిపించకపోయినా ఆశ్చర్యపోను.

డ్రైవ్ ఎంత తిప్పినా ఆ 22 మీటర్లను తగ్గించలేదు. నీ చేతిలో ఉన్నది రాపిడికి పోయే 9 మీటర్లే. కాబట్టి పైపు వైపు చూడు. రెండున్నర తీసి మూడు ఇంచులు వేస్తే, అదే 6 లీటర్లకు రాపిడి 9 నుంచి 3 మీటర్ల చిల్లరకు పడిపోతుంది. అప్పుడు 45లో కూడా ఐదున్నర లీటర్లు వస్తాయి, నాలుగున్నర గంటల లోపే ట్యాంకు నిండుతుంది, షాఫ్ట్ దగ్గర 12 బదులు 10 లోపు పడుతుంది. అక్కడ నిజంగా మిగులుతుంది.

హెచ్‌ఎల్‌సీ_ఆయకట్టు
170 మీటర్ల మూడు ఇంచుల పైపు అంటే ఎంత ఖర్చో చూశారా? రోజుకు రెండు యూనిట్లు మిగలడానికి అంత పెట్టడం ఎన్నేళ్లకు తేలుతుంది? నాకైతే లెక్క తేలేట్టు లేదు. డ్రైవ్ అమ్మేసి 50లోనే నడుపుకోవడం మేలు. నాలుగు గంటల్లో పని అయిపోతుంది కదా.

తాడిపత్రి_బండలు
ఓనర్ కూడా అదే అంటాడేమో. కానీ పైపు పాతది, రెండు చోట్ల కారుతోంది. ఎలాగూ మార్చాలి.

హెచ్‌ఎల్‌సీ_ఆయకట్టు
ఎలాగూ మార్చేదైతే సరే. అప్పుడు రెండున్నరకూ మూడుకూ మధ్య తేడా మాత్రమే లెక్కలోకి వస్తుంది.

లేత్_ప్రొద్దుటూరు
డ్రైవ్ ఎందుకు, పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ కోయించండి. లేత్ మీద ఇంపెల్లర్లు కోయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. 45 హెర్ట్జ్‌తో వచ్చే పనే పది శాతం డయా తగ్గిస్తే వస్తుంది. అదే సూత్రం, స్పీడ్ బదులు డయా. డ్రైవ్ తినే కరెంటు ఉండదు, పాడయ్యేది ఏమీ ఉండదు.

అనంత_డిప్లొమా
మా పుస్తకంలో డయా మారితే ఫ్లో ఘనంతో మారుతుందని ఉంది. ఇంకో పుస్తకంలో నేరుగా మారుతుందని ఉంది. ఏది నిజం?

మల్యాల_మెకానికల్
ఘనంతో మారేది మొత్తం పంపునే ఒకే నిష్పత్తిలో చిన్నది చేసినప్పుడు. కేసింగ్, ఇంపెల్లర్ నోరు, వెడల్పు, అన్నీ. లేత్‌లో తగ్గేది బయటి అంచు ఒక్కటే. నోరు అంతే ఉంటుంది, కేసింగ్ అంతే ఉంటుంది. అందుకే కోత లెక్కకు ఫ్లో నేరుగా, ఎత్తు వర్గంతో అని వాడతారు. ఫ్లో కూడా వర్గంతోనే మారుతుందని వాడేవాళ్లూ ఉన్నారు. ఇంపెల్లర్ ఆకారాన్ని బట్టి నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. నేను ఏ ఒక్కదాన్నీ పట్టుకుని కోయించను.

ప్రొద్దుటూరు అన్నా, స్పీడ్‌కు ఉన్నంత నమ్మకం డయాకు లేదు. స్పీడ్ తగ్గినప్పుడు పంపు అదే పంపు. కోసినప్పుడు ఇంపెల్లర్ అంచుకూ కేసింగ్ నాలుకకూ మధ్య సందు పెరుగుతుంది, వేన్ పొట్టిదవుతుంది, చివర కోణం మారుతుంది. సాధారణంగా సూత్రం చెప్పినదాని కంటే ఎత్తు ఎక్కువే పడిపోతుంది. ఆయన ఇంపెల్లర్ 170 మిల్లీమీటర్లు అనుకుంటే సూత్రం 153 అంటుంది. 153కి ఒకేసారి కోస్తే మళ్లీ అతికించలేం.

లేత్_ప్రొద్దుటూరు
అది నిజమే. నేనూ ఒకేసారి కోయను. ముందు 158కి తీసి, బిగించి, వాల్వ్ మూసి గేజ్ చూస్తాను. చాలకపోతే ఇంకో రెండు మిల్లీమీటర్లు. కోశాక బ్యాలెన్స్ చూసుకోవాలి, లేకపోతే బేరింగులు అరుస్తాయి. ఐదో వంతు కంటే ఎక్కువ మాత్రం ఎవరు అడిగినా కోయను. అంత తగ్గించాల్సి వస్తే చిన్న పంపు కొనుక్కోమని చెబుతా.

కర్నూలు_డ్రైవ్స్
కోసిన ఇంపెల్లర్ వేసవిలో బావి దిగితే ఏం చేస్తుంది? డ్రైవ్ ఉంటే 50కి పెంచుకోవచ్చు. ఇప్పటికే డ్రైవ్ కొన్నాడు కాబట్టి అదే ఉంచుకోమంటాను.

లేత్_ప్రొద్దుటూరు
పాత డయా ఇంపెల్లర్ ఒకటి కొని అల్మారాలో పెట్టుకుంటాడు. డ్రైవ్ కంటే చౌక.

పులివెందుల_బోరు
నా ప్రశ్న మరిచిపోయారు సార్. 55 హెర్ట్జ్.

మల్యాల_మెకానికల్
మరిచిపోలేదన్నా. మీ బోరు వివరాలు లేవు కాబట్టి తాడిపత్రి పంపు మీదే చెబుతాను. 55లో ఆ పంపు 6 బదులు 7.3 లీటర్లు పోస్తుంది. మీరు అనుకున్న పది శాతం కాదు, ఇరవై దాటింది. నిలువు ఎత్తు ఉన్న చోట తగ్గించినప్పుడు నీళ్లు స్పీడ్ కంటే ఎక్కువ పడిపోయినట్టే, పెంచినప్పుడు స్పీడ్ కంటే ఎక్కువ పెరుగుతాయి.

కానీ షాఫ్ట్ దగ్గర 3 కిలోవాట్లు కాస్తా 4.2 అవుతుంది. 5 హెచ్‌పీ మోటారు అంటే 3.7. అది రోజూ ఓవర్‌లోడులో తిరుగుతుంది. 50 దాటాక డ్రైవ్ వోల్టేజ్ పెంచలేదు కాబట్టి మోటారు ఆంప్స్ ఎక్కువ లాగుతుంది. సబ్‌మెర్సిబుల్ వైండింగ్ కాలితే బోరులోంచి మొత్తం పైకి లాగాలి.

ఇంకో మాట. మీరు బోరు నీళ్లు తగ్గాయి అన్నారు. బోరులోకి ఊట రావడమే తగ్గి ఉంటే, పంపు ఎంత వేగంగా తిప్పినా ఆ ఊట పెరగదు. నీటిమట్టం ఇంకా దిగి, పంపు గాలి పీలుస్తుంది. పంపు ఆపిన గంట తర్వాత, నడుపుతున్న గంట తర్వాత మట్టం ఎంతో కొలిచి పెట్టండి. అప్పుడు చెప్పగలను.

పులివెందుల_బోరు
ఊట తగ్గిందో పంపు అరిగిందో తెలియదు. మెకానిక్ పంపు మార్చమంటున్నాడు, పక్కాయన ఇంకో రెండు వందల అడుగులు వేయించమంటున్నాడు. కొలిచి పెడతా.

ఆయిల్ఇంజన్_రోజులు
కొలవకుండా పంపు మార్చొద్దు నాయనా. మా వీధిలో ఒకాయన మూడు పంపులు మార్చాక బోరు ఎండిందని తెలుసుకున్నాడు.

తాడిపత్రి_బండలు
సార్ చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తూ చూశాను. 38 దగ్గర సన్నటి ధార, 37న్నరకే పూర్తిగా ఆగిపోయింది. వెంటనే పెంచేశాను. కనీస ఫ్రీక్వెన్సీ 42లో లాక్ చేశాను, ప్రస్తుతం 45లో నడుపుతున్నా. మొదటి రోజు 13.6 యూనిట్లు.

కర్నూలు_డ్రైవ్స్
14 నుంచి 13.6. తగ్గింది కదా.

హెచ్‌ఎల్‌సీ_ఆయకట్టు
ఒక్క రోజు రీడింగ్ తమ్ముడూ. ట్యాంకు రోజూ ఒకే గీత దాకా నింపుతున్నారా లేదా అన్నదాంట్లోనే అంత తేడా పోతుంది.

మల్యాల_మెకానికల్
నిజం. యూనిట్లను లీటర్లతో భాగించి రాసుకో. ట్యాంకు లోపల గోడ మీద రెండు గీతలు గీసి, ఆ రెండింటి మధ్య నిండటానికి పట్టిన సమయం, యూనిట్లు చూడు. 50లో మూడు రోజులు, 45లో మూడు రోజులు. బావి మట్టం కూడా పక్కన రాయి.

తాడిపత్రి_బండలు
సరే సార్. రేపు ఆదివారం యూనిట్ సెలవు, ట్యాంకు ఖాళీ చేసి గీతలు గీయిస్తా. మూడు ఇంచుల పైపు రేటు కూడా తాడిపత్రిలో అడుగుతున్నాను. పీవీసీ వేయాలా, హెచ్‌డీపీఈ వేయాలా? మిట్ట మీద బండరాయి, పూడ్చడం కుదరదు, ఎండకే ఉంటుంది.

లేత్_ప్రొద్దుటూరు
ఎండకు ఉండేట్టయితే పీవీసీ వద్దు, నాలుగు వేసవులకు పెళుసై పగులుతుంది. నల్ల హెచ్‌డీపీఈ వెయ్. కానీ దాని సైజు బయటి కొలతతో చెబుతారు, గోడ మందం తీసేసి లోపల ఎంత ఉందో అడిగి తీసుకో. మూడు ఇంచులని తెచ్చుకుని లోపల రెండున్నరకు కొంచెం ఎక్కువే దొరికితే, పైన సార్ వేసిన లెక్క మళ్లీ వేసుకోవాలి.